మధ్యలో ఆగిన పనికి పైసలు ఎట్లా అడగాలి: కిల్ ఫీ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో పదకొండేళ్లుగా లోగోలు, బ్రోచర్లు, షాపు బోర్డుల డిజైన్లు చేస్తున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు వరంగల్ నుంచే కాదు, కరీంనగర్, జగిత్యాల నుంచి కూడా ఫోన్ చేసి ఎక్కువగా అడిగేది రేట్ల గురించి కాదు. "అన్నా, సగం పని చేశాక వద్దన్నారు, ఏం చేయాలె?" అని. వాళ్లకు విడివిడిగా చెప్పిన జవాబులనే ఇక్కడ ఒకచోట పెట్టాను. లెక్కలన్నీ డిజైన్ పనివే. వీడియో ఎడిటింగ్‌కో, రాతపనికో వాడుకోవాలంటే దశల పేర్లు మార్చుకుంటే చాలు.

కిల్ ఫీ అంటే అడ్వాన్స్ తిరిగి ఇవ్వకపోవడమేనా?

కాదు. అడ్వాన్స్ అంటే మొత్తం ఫీజులో ముందుగా ముట్టిన భాగం, మనవైపు చెప్పాలంటే బయానా. కిల్ ఫీ అంటే క్లయింటు తన కారణంతో పని మధ్యలో ఆపేస్తే చెల్లిస్తానని ముందే ఒప్పుకున్న మొత్తం. ఈ మాట పత్రికల నుంచి వచ్చింది. ఎడిటర్ అడిగి రాయించుకున్న వ్యాసాన్ని అచ్చు వేయకపోతే, రాసినవాడికి ఒప్పుకున్న పారితోషికంలో కొంత భాగం ఇచ్చేవాళ్లు.

రద్దు అయిన రోజు లెక్క వేసి అందులోంచి అడ్వాన్స్ తీసేస్తాం. అడ్వాన్స్ ఎక్కువుంటే మనమే తిరిగి ఇవ్వాలి, తక్కువుంటే క్లయింటు కట్టాలి. "అడ్వాన్స్ ఉంచేసుకున్నా, లెక్క తీరింది" అనేవాళ్లున్నారు. మొదటి రోజే రద్దైతే అది క్లయింటుకు అన్యాయం, ఆఖరి వారంలో రద్దైతే మనకు నష్టం.

చేయని పనికి పైసలు అడగడం తప్పు కాదా?

చేయని పనికి అడిగితే తప్పే. అందుకే లెక్కను మూడుగా విడగొట్టాలి. ఒకటి, చేసిన పని విలువ. రెండు, ఆ పని కోసం మన జేబులోంచి పెట్టిన ఖర్చు. మూడు, ఆ పనికోసం ఆపి ఉంచిన రోజులు ఖాళీ అయినందుకు వచ్చే నష్టం. అసలైన కిల్ ఫీ ఈ మూడోది మాత్రమే. మొదటి రెండూ కిల్ ఫీ లేకపోయినా రావాల్సినవే.

కొత్తవాళ్లు ఈ మూడింటినీ కలిపి "క్యాన్సిలేషన్ ఛార్జీ 40 వేలు" అని ఒకే లైను రాసి పంపుతారు. చూసినవాడికి అది జరిమానాలా కనిపిస్తుంది. అదే 40 వేలను మూడు లైన్లుగా రాస్తే, బేరం ఆడేవాడు కూడా మూడో లైను మీదనే ఆడతాడు.

ఎంత అడగాలి? శాతం ఎట్లా తేల్చాలి?

నా పనిలో జరిగినదే చెప్తాను. కాజీపేట వైపు ఒక ఫంక్షన్ హాలు కడుతున్నారు. మాఘమాసం ముహూర్తాలకు ముందు తెరవాలని లోగో, 16 పేజీల బ్రోచర్, బోర్డులు, హోర్డింగు డిజైన్లు కలిపి 60,000 రూపాయలకు మాట్లాడుకున్నాం. అడ్వాన్స్ 18,000 ఇచ్చారు. మొత్తం పనిని కొటేషన్‌లోనే నాలుగు దశలు చేశాను. హాలు చూడటం, ఫొటోలు, పెన్సిల్ స్కెచ్‌లకు 9,000. లోగోకు 15,000. బ్రోచర్ పేజీలకు 18,000. సవరణలు, బోర్డుల కొలతలు, ప్రింటు ఫైళ్లకు 18,000.

ఒక శనివారం సాయంత్రం ఓనర్ ఫోన్ చేశాడు. "తమ్మీ, ఆ బ్రోచర్ పని ఆపు. మా పార్ట్‌నర్లు విడిపోతున్నరు, హాలు ఎప్పుడు తెరుస్తమో తెల్వదు." అప్పటికి లోగో ఫైనల్ అయింది. బ్రోచర్‌లో 16కి 6 పేజీలు అయ్యాయి.

చేసిన పని: మొదటి దశ 9,000, లోగో 15,000, బ్రోచర్‌లో పదహారింట ఆరు వంతులు 6,750. కలిపి 30,750. జేబులోంచి పెట్టింది: ఫొటోగ్రాఫర్‌కు ఇచ్చిన 4,000, బిల్లు ఉంది. మిగిలిన పని విలువ 29,250. అందులో 25 శాతం, చిల్లర వదిలేసి 7,300.

ఈ 25 శాతం గాల్లోంచి తీసింది కాదు. మిగిలిన పని నాకు సుమారు 12 పనిదినాలు. నా పాత డైరీలు తిరగేస్తే, ఉన్నట్టుండి ఖాళీ అయిన రోజుల్లో ఇంకో పని దొరికేదాకా సగటున మూడు రోజులు పోతున్నాయి. పన్నెండులో మూడు అంటే నాలుగో వంతు. మీకు పనులు వరుసగా ఉంటే 10 శాతమే న్యాయం కావచ్చు. నెలకు ఒకే పెద్ద పని చేసేవాళ్లకు 50 కూడా తక్కువే. శాతం ఎంతన్నది ముఖ్యం కాదు, "ఎందుకింత?" అని అడిగితే డైరీ తీసి చూపించగలగాలి.

మొత్తం 42,050. అడ్వాన్స్ 18,000 పోగా 24,050 రావాలి. నాకు ముట్టింది మాత్రం అంత కాదు, ఎందుకో కింద చెప్తాను.

"పనే పూర్తి కాలే, మళ్ల పైసలేంది?" అంటే ఏం చెప్పాలి?

ఆ ఓనరన్న అక్షరాలా ఇదే అన్నాడు. నేను చేసిన పొరపాటు ముందు చెప్తాను. "ముహూర్తానికి వారం ముందు వద్దంటే మీరు బయానా తిరిగిస్తారా అన్నా?" అని ఎదురు ప్రశ్న వేశాను. మాట సరైనదే, అన్న తీరు బాలేదు. ఆయనకు ఎత్తిపొడిచినట్టు అనిపించింది. "నాకే లెక్కలు జెప్తవా" అని ఫోన్ పెట్టేశాడు.

రెండు రోజులాగి ఆయన పాత హాలు ఆఫీసుకు వెళ్లాను. టేబుల్ మీద పొడుగాటి బుకింగ్ రిజిస్టర్ ఉంది. తేదీల పక్కన పేర్లు, కొన్నిటి మీద ఎర్ర పెన్నుతో గీత. ఈసారి వాదించలేదు. "అన్నా, ఈ ఎర్ర గీత పడ్డ తేదీలకు మీరేం చేస్తరు?" అని నిజంగానే తెలుసుకోవడానికి అడిగాను. ఒక తేదీ మీద వేలు పెట్టి చూపించాడు. గీత కింద ఇంకో పేరు రాసి ఉంది. "గీ తేదీ మళ్ల పోయింది. గందుకే వాళ్లకు సగం వాపస్ ఇచ్చిన. గిది పోలే, గందుకే ఇయ్యలే." అప్పుడు నా డైరీ తీసి ముందు పెట్టాను. ఆయన పని కోసం ఆపి ఉంచిన రెండు వారాలు చూపించాను. మొదటి వారంలో ఒక ప్రైవేటు స్కూలు అడ్మిషన్ కరపత్రాల పని అప్పటికే వచ్చి పడింది, రెండోది ఖాళీ. "మీ లెక్కనే నాకూ పెట్టండన్నా. ఒక వారం నిండింది కాబట్టి 7,300లో సగం తీసేస్తున్నా" అన్నాను.

అలా 7,300 కాస్తా 3,650 అయింది. మొత్తం 38,400, అడ్వాన్స్ పోగా 20,400. నాలుగు వందలు వదిలేశాను. పదివేలు అక్కడే ఫోన్‌పే చేశాడు, మిగతా పదివేలు నెల తిరిగాక వచ్చాయి.

ప్రతి వ్యాపారంలోనూ కిల్ ఫీకి సమానమైనది ఒకటి ఉంటుంది, దానికి ఆ పేరు ఉండదంతే. బట్ట కత్తిరించాక టైలర్ వెనక్కి తీసుకోడు. వంట మాస్టర్ కూరగాయలు తెప్పించాక భోజనాలు వద్దంటే ఊరుకోడు. టెంటు హౌస్ వాళ్లు సామాను లారీ ఎక్కించాక కిరాయి వదులుకోరు. క్లయింటు వ్యాపారంలో అది ఏదో కనుక్కోండి. దాన్ని ఆయన మీదికి విసరకండి, ఆయన నోటితోనే చెప్పనివ్వండి.

రద్దు మెసేజ్ వచ్చింది. వెంటనే ఏం రాయాలి?

మొదటి జవాబులో పైసల మాట ఎత్తకండి. పని ఆపినట్టు, ఎక్కడ ఆగిందో చెప్పండి చాలు. ఆ రోజే పంపాలి. ఆలస్యమైతే "ఆపమన్నాక కూడా చేసినవా?" అన్న గొడవ వస్తుంది. నేను పంపేది దాదాపు ఇలా ఉంటుంది:

"నమస్తే అన్నా. మీరు చెప్పినట్టే ఈ రోజు సాయంత్రం నుంచి పని ఆపాను. ఇప్పటిదాకా లోగో పూర్తయింది, బ్రోచర్ 6 పేజీలు అయ్యాయి. మనం రాసుకున్న ప్రకారం లెక్క రెండు రోజుల్లో పంపిస్తాను. తర్వాత మళ్లీ మొదలుపెట్టే ఆలోచన ఉంటే చెప్పండి, దానికి తగ్గట్టే లెక్క రాస్తాను."

ఆఖరి వాక్యం ఊరికే పెట్టింది కాదు. చాలాసార్లు "రద్దు" అని వచ్చేది నిజానికి "పైసలు ఇప్పుడు లేవు" అని. అలాంటప్పుడు మూడు నెలలు ఆపి, చేసినంతవరకు మాత్రం ఇప్పుడు తీసుకుంటే ఇద్దరికీ మంచిది. కిల్ ఫీ అక్కర్లేదు.

రెండో మెసేజ్‌లో లెక్క పంపేటప్పుడు "సారీ", "ఏమనుకోకండి", "అడగడానికి మొహమాటంగా ఉంది" లాంటివి రాయకండి. మర్యాద అంటే మనల్ని మనం తగ్గించుకోవడం కాదు. తప్పు చేసినవాడిలా రాస్తే చదివేవాడికీ అలాగే అనిపిస్తుంది. "ఇది లెక్క, ఇవి బిల్లులు, ఏదైనా అర్థం కాకపోతే కూర్చుని మాట్లాడుకుందాం" అంటే చాలు. "రూల్ ప్రకారం కట్టాల్సిందే" అన్న మాట కూడా వద్దు. రూలు ఇద్దరం కలిసి రాసుకున్నది, అందుకే "మనం రాసుకున్న ప్రకారం" అంటాను.

ఒప్పందంలో ఏం రాసుకోవాలి?

లాయరు భాష అవసరం లేదు. కొటేషన్ కింద ఈ ఐదు వాక్యాలు ఉంటే చాలు. నావి ఇవీ:

"క్లయింటు కారణంగా పని మధ్యలో ఆగితే, ఆ రోజువరకు పూర్తైన దశల మొత్తం, సగం అయిన దశలో అయినంత భాగం, బిల్లులున్న బయటి ఖర్చులు చెల్లించాలి. వీటితోపాటు, ఆపి ఉంచిన రోజులకు పరిహారంగా మిగిలిన పని విలువలో 25 శాతం చెల్లించాలి. ఆ రోజుల్లో వేరే పని దొరికితే దానికి తగ్గట్టు ఇది తగ్గుతుంది. అడ్వాన్స్ ఈ మొత్తంలో మినహాయిస్తాం, ఎక్కువైతే తిరిగి ఇస్తాం. 21 రోజులు జవాబు రాకపోతే పని ఆగినట్టు, 45 రోజులు దాటితే రద్దైనట్టు లెక్క."

సంతకం దొరికితే మంచిది. దొరక్కపోతే కొటేషన్ వాట్సాప్‌లో పంపి "చదివి ఓకే అని పెట్టండన్నా, మొదలుపెడతాను" అనండి. ఆ "ఓకే" వచ్చాకే అడ్వాన్స్ తీసుకోండి. అడ్వాన్స్ ముట్టాక షరతులు పంపితే "ఇవి నాకు ముందు చెప్పలే" అంటారు, అందులో నిజం ఉంటుంది కూడా.

మొదటి రోజే రద్దు గురించి మాట్లాడితే అపశకునం అనుకోరా?

కొందరు అనుకుంటారు. పూజ చేసుకుని మొదలుపెట్టే పనిలో "ఆగిపోతే" అన్న మాట వినడం పెద్దవాళ్లకు ఇష్టముండదు. నేను ఆ పేరాకు "రద్దు" అని పేరు పెట్టను, "పైసల లెక్క" అనే పెడతాను. ఎన్ని విడతలు, ఎప్పుడు ఇవ్వాలి అన్నదాని వెంటే ఇదీ వస్తుంది. నోటితో చెప్పేటప్పుడు కూడా "ఎక్కడిదాకా అయితే అక్కడిదాకా లెక్క" అంటాను. "కిల్ ఫీ" అన్న మాట మనలో మనం అనుకోవడానికే, క్లయింటు ముందు ఎప్పుడూ వాడలేదు. శుభమా అని హాలు కట్టుకుంటుంటే మనం కిల్ అనడం ఏం బాగుంటుంది.

క్లయింటు వద్దని చెప్పడు, ఫోనూ ఎత్తడు. అప్పుడు?

మన దగ్గర ఇదే ఎక్కువ. ముఖం మీద వద్దనడానికి మొహమాటపడి, "చూస్తా తమ్మీ", "పండుగ అయినంక" అంటూ నెలలు జరుపుతారు. పైన 21, 45 రోజుల వాక్యం అందుకే. అది ఉన్నా సరే, గడువు దాటిన మర్నాడే లెక్క పంపేయకండి. ఇరవయ్యొకటో రోజున ఒక మెసేజ్: "మీ పని ఆపి ఉంచాను, ఫలానా తేదీదాకా రోజులు మీకోసమే ఉంచుతాను." ఆ తేదీకి ముందురోజు ఇంకొకటి. ఇద్దరూ బంధువుల పెళ్లిలో ఎదురుపడే ఊళ్లో ఉన్నాం. రెండుసార్లు చెప్పామన్న రికార్డు ఉంటే రేపు ఎవరూ వేలెత్తి చూపలేరు.

"నచ్చలేదు, అందుకే ఆపేశా" అంటే కూడా అడగొచ్చా?

ఎప్పుడు నచ్చలేదన్నారో చూడాలి. లోగో ఫైనల్ అని ఒప్పుకుని, దాని మీద బ్రోచర్ పేజీలు కూడా చూసి, ఆ తర్వాత లోగో నచ్చలేదంటే అది కారణం కాదు, సాకు. దశ దశకూ "బాగుంది, ముందుకు పోదాం" అన్న మెసేజ్ తీసుకోవాలి, లేకపోతే ఈ వాదనలో మనం ఓడిపోతాం.

మొదటి మూడు నమూనాలూ నిజంగానే నచ్చలేదనుకోండి. అప్పుడు నేను ఆ దశ వరకే తీసుకుంటాను, మూడో లైను అడగను. ఆయనకేం కావాలో నాకు అర్థం కాలేదు, అందులో నా వంతు ఉంది. ఇక మనం గడువు తప్పడం వల్ల ఆయన రద్దు చేస్తే మూడో లైను ఊసే ఎత్తకూడదు.

ఒప్పందమే రాసుకోలేదు. ఇప్పుడు ఏమీ రాదా?

మూడో లైను రావడం కష్టం. ముందు ఒప్పుకోని శాతాన్ని తర్వాత పెడితే ఎవరు ఒప్పుకుంటారు? మొదటి రెండు మాత్రం అడగొచ్చు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటి మాట కూడా ఒప్పందమే అవుతుంది. అదీగాక, ఊరికే చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పనితో ఇంకొకరు లాభం పొందితే, దానికి పరిహారం ఇవ్వాలని అదే చట్టం 70వ సెక్షన్ చెబుతుంది. ఇందులో "లాభం పొందితే" అన్న మాట ముఖ్యం. మీరు చేసిన లోగో ఆయన వాట్సాప్ డీపీగా పెట్టుకుంటే ఒక స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

ఫోన్ మార్చేటప్పుడు చాట్లు పోగొట్టుకోకండి. కోర్టుదాకా పోతే, ఎలక్ట్రానిక్ రికార్డుతోపాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. 2024 జూలై 1 నుంచి అది భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద వస్తుంది. మెసేజ్‌లు ఉన్న అసలు ఫోను దగ్గరుంటే ఆ పని సులువు.

ఎంత పెద్ద మొత్తం రాసుకున్నా చట్టం ఒప్పుకుంటుందా?

ఒప్పుకోదు. "రద్దు చేస్తే మొత్తం ఫీజు కట్టాలి" అని రాసుకుని సంతోషపడేవాళ్ల కోసమే ఈ ప్రశ్న పెట్టాను. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టు ఇప్పించేది దానికి మించని న్యాయమైన పరిహారం. 1963లో ఫతేచంద్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. 73వ సెక్షన్ వివరణలో ఇంకో మాట ఉంది: నష్టాన్ని లెక్కగట్టేటప్పుడు, దాన్ని తగ్గించుకునే మార్గాలు ఏమున్నాయో కూడా చూడాలి. అంటే ఖాళీ అయిన వారంలో స్కూలు కరపత్రాల పని దొరికితే దాన్ని దాచిపెట్టి పూర్తి 25 శాతం అడగడం కుదరదు. ఆ ఓనరన్న రిజిస్టర్‌లో ఎర్ర గీత కింద రెండో పేరు చూసి సగం వాపస్ ఇచ్చింది కూడా ఈ లెక్కనే. ఆయన ఏ సెక్షనూ చదవలేదు.

లోగో ఫైళ్లు ఇచ్చేయాలా?

పైసలు ముట్టినంత వరకు ఇవ్వాలి, ముట్టనివి ఇవ్వొద్దు. హాలు కేసులో రెండో పదివేలు వచ్చాక లోగో ఫైళ్లన్నీ ఇచ్చాను. ఆరు పేజీల బ్రోచర్‌ను పీడీఎఫ్‌గానే ఇచ్చాను, ఎందుకంటే అది సగం పని. దాన్ని ఇంకెవరో పూర్తిచేస్తే బాలేని దాని కింద నా పేరు పడుతుంది. కాపీరైటు చట్టం 1957, 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, హక్కులు ఇచ్చేవాళ్ల సంతకంతో ఉండాలి. కాబట్టి "పూర్తి చెల్లింపు అందాకే హక్కులు బదిలీ" అని కొటేషన్‌లో ఒక వాక్యం కలిపి ఇద్దరూ సంతకం చేయండి. లెక్క తీరకముందే లోగో బోర్డెక్కితే మాట్లాడటానికి అదొక ఆధారం.

ఎప్పుడు వదిలేయాలి?

ఇంట్లో చావు, పెద్ద జబ్బు, షాపు మునిగిపోవడం లాంటివి వస్తే మూడో లైను నేను ఎత్తను. 2023 జూలై వానలకు వరంగల్ నీట మునిగినప్పుడు ఒక చిన్న బట్టల కొట్టు ఆయన పని ఆగిపోయింది. చేసిన పనికి కూడా అప్పుడు అడగలేదు. "లెక్క రాసిపెట్టాను, మీరు మళ్లీ తెరిచాక చూద్దాం" అన్నాను. తర్వాతి ఏడాది దసరాకు ఆ లెక్కతోనే మొదలుపెట్టాం.

బంధువులకు మాత్రం మినహాయింపు లేదు. "మనోళ్లే కదా" అని ఒప్పందం రాసుకోని పనులే నాకు ఎక్కువసార్లు మునిగాయి.

వదిలేసినా లెక్క కాగితం పంపండి. "పరిహారం 7,300, మీ పరిస్థితి చూసి మాఫీ" అని రాస్తే ఏం వదిలామో అవతలివాళ్లకు తెలుస్తుంది. ఏమీ రాయకపోతే అసలు అలాంటి లెక్కే లేదనుకుంటారు. ఇంకొకరికి కూడా అలాగే చెప్తారు.

అయినా కట్టకపోతే?

మొదట చిన్న దారి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర, కేసు వేయకముందే రాజీ కోసం లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే తేలుతుంది, కానీ తేలితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. చాలామంది అక్కడినుంచి నోటీసు రాగానే మాట్లాడటానికి వస్తారు.

చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మీకు ఉంటే ఇంకో దారి ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లులు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు చేయాలి. ఇది చేసిన పని బిల్లుకు పనికొస్తుంది, మూడో లైను కోసం దీని మీద ఆధారపడకండి. రిజిస్ట్రేషన్ ఉచితం, పని ఒప్పుకునే ముందే చేయించుకుని ఉండాలి.

సివిల్ దావాకు సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. 20 వేల కోసం దావా వేయమని మాత్రం నేను చెప్పను, తిరుగుడుకే అంత అవుతుంది. పోలీసుల దగ్గరికి పోవద్దు, ఇది సివిల్ వ్యవహారం. వినియోగదారుల కమిషన్ కూడా మనకోసం కాదు, అది కొనుక్కున్నవాళ్లకు. ఇక ఫేస్‌బుక్‌లో పేరు పెట్టి తిట్టడం గురించి: పైసలు రావు, వచ్చే పనులు కూడా ఆగిపోతాయి.

కిల్ ఫీ మీద జీఎస్టీ ఉంటుందా?

తెలంగాణలో సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటకపోతే మామూలుగా రిజిస్ట్రేషనే అక్కర్లేదు, కాబట్టి మనలో చాలామందికి ఈ ప్రశ్న రాదు. రిజిస్ట్రేషన్ ఉంటే, చేసిన పని మొత్తానికి మామూలు రేటే. రద్దు ఛార్జీల విషయంలో 2022 ఆగస్టు 3 నాటి 178వ సర్క్యులర్ వివరణ ఇచ్చింది: అసలు సేవకు ఏ పన్నో రద్దు ఛార్జీకీ అదే, కేవలం ఒప్పందం తప్పినందుకు ఇచ్చే నష్టపరిహారానికి మాత్రం పన్ను లేదు. మీ మూడో లైను ఈ రెండిట్లో దేని కిందికి వస్తుందో కొటేషన్ చూపించి ఆడిటర్‌ను అడగండి. ఒకసారి అడిగితే చాలు, తర్వాత అదే మాటలు వాడుకోవచ్చు.

పని నేనే ఆపేస్తే?

అప్పుడు కిల్ ఫీ లేదు. క్లయింటుకు వాడుకోవడానికి పనికొచ్చే దశల వరకే తీసుకుని మిగతా అడ్వాన్స్ తిరిగి ఇవ్వండి. సగంలో ఉన్న దశకు పైసలు అడగొద్దు. వీలైతే ఆ పని చేయగల ఇంకొకరి నంబరు ఇవ్వండి. ఈ వాక్యం కూడా ఒప్పందంలో ఉంటే పైనున్న 25 శాతాన్ని క్లయింటు సులువుగా ఒప్పుకుంటాడు, షరతు రెండు వైపులా ఉంది కాబట్టి.

లెక్క తీరాక ఇంకేమైనా చేయాలా?

రెండు లైన్ల మెసేజ్ పెట్టండి. "ఫలానా పనికి సంబంధించి 20,000 అందింది, మన మధ్య ఇక బాకీ లేదు. లోగో హక్కులు మీవి, బ్రోచర్ పేజీలు మళ్లీ మొదలుపెడితే ఆ 6,750 కొత్త లెక్కలో తగ్గిస్తాను." ఆఖరి మాట అందరికీ రాయను, మళ్లీ వస్తారనిపించినవాళ్లకే. హాలు ఓనరన్నకు రాశాను. పార్ట్‌నర్ల పంచాయితీ ఇంకా తెగలేదు, ఆరు పేజీలు నా కంప్యూటర్‌లో అలాగే ఉన్నాయి.